మార్చిలో అమ్మిన కూలర్లు జులైలో లెక్కకొచ్చాయి

నేను ఎయిర్ కూలర్లు తయారు చేసే ఒక కంపెనీకి ఆంధ్రప్రదేశ్ బ్రాంచి మేనేజరును. ఆఫీసు విజయవాడలో. రాష్ట్రంలో మాకు తొమ్మిది మంది డిస్ట్రిబ్యూటర్లు ఉన్నారు. మూడు నెలలకోసారి, గడిచిన త్రైమాసికం ఎలా నడిచిందో ప్రతి బ్రాంచి మేనేజరూ రెండు పేజీల నోట్ రాసి జోనల్ ఆఫీసుకు పంపాలి. అంకెల పట్టిక విడిగా వెళ్తుంది. ఆ అంకెలు అలా ఎందుకొచ్చాయో, ఇకమీదట ఏం చేస్తామో వాక్యాల్లో చెప్పాల్సింది ఈ నోట్‌లోనే. టార్గెట్ దాటిన త్రైమాసికాల్లో ఈ నోట్ రాయడానికి నాకు గంట పట్టేది. 2025 ఏప్రిల్–జూన్ నోట్‌కు తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజుల గురించే రాస్తున్నాను.

ఆ మూడు నెలల టార్గెట్ 20,000 కూలర్లు. మేం డిస్ట్రిబ్యూటర్లకు బిల్లు చేసింది 13,400. అంటే 6,600 తక్కువ, దాదాపు మూడో వంతు. కూలర్ల వ్యాపారానికి ఏడాది మొత్తంలో ఈ మూడు నెలలే పంటకాలం. ఇక్కడ పోయింది దీపావళికి తిరిగి రాదు.

మొదటి చిత్తుప్రతి ఒక్క సాయంత్రంలో పూర్తయింది. కంపెనీలో రాతంతా ఇంగ్లీషులోనే, ఇక్కడ తెలుగులో చెబుతున్నాను. 'ఈ ఏడాది రుతుపవనాలు మే 24నే కేరళను తాకాయి. 2009 తర్వాత ఇంత ముందుగా రావడం ఇదే మొదటిసారి. అకాల వర్షాల వల్ల గిరాకీ పడిపోయింది. డిస్ట్రిబ్యూటర్ల దగ్గర స్టాకు పేరుకుపోయింది. వచ్చే త్రైమాసికంలో డీలర్లకు శిక్షణ ఇచ్చి, మార్కెట్‌పై మరింత దృష్టి పెట్టి లోటు పూడ్చుకుంటాం.' ఇదీ దాని సారాంశం. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. వానలు నిజంగానే ముందుగా వచ్చాయి. వాతావరణ శాఖ లెక్కల ప్రకారం దేశంలో 1901 తర్వాత అత్యధిక వాన కురిసిన మే నెల అదే. మా పరిశ్రమలో అందరూ ఆ కారణమే చెబుతున్నారు, నేనూ చెబితే ఎవరూ అడ్డు చెప్పేవారు కాదు.

పంపే ముందు అంకెలు సరిచూడమని మా అకౌంట్స్ మేడమ్‌కు ఇచ్చాను. పదకొండేళ్లుగా మా బ్రాంచి లెక్కలు ఆవిడ చేతిలోనే ఉన్నాయి. ఆవిడ నోట్ చదివి ఒకే ప్రశ్న వేశారు: "సార్, మే మూడో తేదీ శనివారం నాటికి మనం ఎంత వెనకబడి ఉన్నాం?"

ఆ తేదీని ఆవిడ ఊరికే ఎంచుకోలేదు. మే 4, ఆదివారం నాడు రాష్ట్రంలో చాలా చోట్ల ఈదురుగాలులతో పెద్ద వాన పడింది. మా సీజన్‌కు మొదటి దెబ్బ అదే. అంతకు ముందు ఐదు వారాల్లో ఎండ లేదని ఏ డీలరూ నాతో అనలేదు. మేడమ్ శనివారం నివేదికలు తీసి చూపించారు. డిస్ట్రిబ్యూటర్ల నుంచి షాపులకు మే 3 నాటికి 14,000 కూలర్లు వెళ్లాలని మా ప్రణాళిక. వెళ్లినవి 11,800. వాన చుక్క పడకముందే 2,200 వెనకబడి ఉన్నాం. నా నోట్‌లో ఆ 2,200 గురించి ఒక్క మాట లేదు. దాన్ని పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టాను.

మా వ్యాపారంలో అమ్మకం అనే మాటకు రెండు అర్థాలున్నాయి. కంపెనీ డిస్ట్రిబ్యూటరుకు బిల్లు చేసేది ప్రైమరీ. డిస్ట్రిబ్యూటరు షాపుకు పంపేది సెకండరీ. టార్గెట్లు, ఇన్సెంటివ్‌లు, సమీక్షలు అన్నీ ప్రైమరీ మీదే నడుస్తాయి. జనం నిజంగా కొంటున్నారా లేదా అన్నది సెకండరీలో తెలుస్తుంది. ఈ రెండింటి మధ్య తేడా డిస్ట్రిబ్యూటరు గోదాములో కనిపిస్తుంది. షాపులకు వెళ్లినదానికి చివర్లో మిగిలిన స్టాకు కలిపి, మొదట్లో ఉన్న స్టాకు తీసేస్తే ప్రైమరీ వస్తుంది. బ్రాంచిలో గుమాస్తాకు కూడా తెలిసిన లెక్క ఇది. అయినా సమీక్ష నోట్‌లో దీన్ని ఎవరూ రాయగా నేను చూడలేదు. నేనూ ఎప్పుడూ రాయలేదు.

ఈసారి కాగితం మీద పెట్టాను. ఏప్రిల్ 1న డిస్ట్రిబ్యూటర్ల దగ్గర 6,000 కూలర్లు ఉంటాయని, మూడు నెలల్లో 25,000 షాపులకు వెళ్తాయని, జూన్ 30న 1,000 మిగులుతాయని ప్రణాళిక. ఆ లెక్క ప్రకారం కంపెనీ పంపాల్సినవి 20,000. నిజంగా జరిగింది వేరు. ఏప్రిల్ 1న వాళ్ల దగ్గర 9,500 ఉన్నాయి, షాపులకు 19,900 వెళ్లాయి, చివర్లో 3,000 మిగిలాయి. 19,900కు 3,000 కలిపి 9,500 తీసేస్తే 13,400.

ఇప్పుడు లోటును విడదీయవచ్చు. మొదటి రోజే గోదాముల్లో ఉండాల్సినదానికన్నా 3,500 ఎక్కువ ఉన్నాయి కాబట్టి ఆ మేరకు మా దగ్గర కొనాల్సిన అవసరం వాళ్లకు లేకపోయింది. షాపులకు 5,100 తక్కువ వెళ్లాయి. ఈ రెండూ కలిపితే 8,600. కానీ చివర్లో ప్రణాళిక కన్నా 2,000 ఎక్కువ మిగిలాయి. ఆ 2,000 కూడా మా బిల్లుల్లో అమ్మకంగానే నమోదయ్యాయి. అందుకే లోటు 6,600గా కనిపిస్తోంది. నిజానికి తగిలిన దెబ్బ 8,600, అందులో 2,000 ఇంకా బయటపడలేదు. అవి వచ్చే మార్చిలో మళ్లీ నా దారికి అడ్డం వస్తాయి.

అడిగినదానికన్నా పెద్ద అంకె రాయాలా వద్దా అని ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. పట్టికలో 6,600 మాత్రమే ఉంది. 8,600 ఎవరూ అడగలేదు. కానీ 6,600కు కారణాలు చెప్పడం మొదలుపెడితే ఎక్కడో ఒకచోట లెక్క కుదరదు. ఏ కారణాన్నో చిన్నది చేసి కుదర్చాలి. చిన్నది చేసేది కచ్చితంగా మార్చి సంగతే అవుతుందని నాకు తెలుసు.

మార్చి సంగతి చెప్పాలి. ఆర్థిక సంవత్సరం చివరి త్రైమాసికంలో మా బ్రాంచి టార్గెట్ అందుకుంది. మార్చి 26 సాయంత్రానికి ఇంకా మూడు వేలకు పైగా తక్కువ ఉంది. 27 నుంచి 31 వరకు నేను నలుగురు డిస్ట్రిబ్యూటర్లతో రోజూ మాట్లాడాను. గుంటూరు, నెల్లూరు, కర్నూలు, రాజమండ్రి. సీజన్ ముందు స్టాకు పెట్టుకుంటే అదనపు రాయితీ వచ్చే స్కీము ఒకటి అప్పుడు నడుస్తోంది. దాన్ని చూపించి, సంవత్సరాంతం అని బతిమాలి, ఐదు రోజుల్లో 3,500 కూలర్లు బిల్లు చేయించాను. ఫ్యాక్టరీలో ఆ వారం సిద్ధంగా ఉన్నవి ఎక్కువగా 90 లీటర్ల పెద్ద మోడళ్లు. అవే పంపించాం.

గుంటూరు గోదాముకు జులై 4న వెళ్లాను. నోట్‌కు కావాల్సిన స్టాకు లెక్క ఫోనులో అడిగినా చెప్పేవారు, కానీ కళ్లతో చూడాలనిపించింది. మిర్చి యార్డు దారిలో ఉంటుంది ఆ గోదాము. తలుపు తీయగానే ఎడమ గోడ వెంట పైకప్పు దాకా 90 లీటర్ల పెట్టెలు, నాలుగు వరసలు. కింది వరస అట్టపెట్టెలు బరువుకు మూలల్లో నలిగి పొట్ట ఉబ్బాయి. ఒకదాని మీద దుమ్ము తుడిచి చూస్తే లేబుల్ మీద తయారీ నెల ఫిబ్రవరి అని ఉంది. కుడి పక్కన 50 లీటర్ల మోడల్ ఉండాల్సిన చోటు ఖాళీ. నేల మీద తాళ్లు, రెండు విరిగిన చెక్క పట్టీలు తప్ప ఏమీ లేవు.

డిస్ట్రిబ్యూటరుకు అరవై ఏళ్లు దాటాయి. నన్నెప్పుడూ పల్లెత్తు మాట అనలేదు. ఆ రోజు మాత్రం ఖాళీ స్థలం వైపు చూపించి, "ఏప్రిల్ పదో తేదీ నుంచి షాపుల వాళ్లు యాభై లీటర్లవి కావాలని నా ప్రాణం తోడేశారండీ. ఆర్డరు పెడితే మీ సిస్టమ్ ఆపేసింది. నా లిమిట్ మొత్తం ఈ గోడకే సరిపోయింది" అన్నారు.

ఆయన మాట నేను తిరుగు ప్రయాణంలో కారులోనే అర్థం చేసుకోగలిగాను. ప్రతి డిస్ట్రిబ్యూటరుకూ అప్పు మీద సరుకు పంపడానికి ఒక పరిమితి ఉంటుంది. బకాయి ఆ పరిమితి దాటినా, గడువు మించినా కొత్త ఆర్డరును కంప్యూటర్ దానంతట అదే ఆపేస్తుంది. మార్చిలో పంపిన పెద్ద కూలర్ల బిల్లులతో నలుగురి పరిమితీ నిండిపోయింది. ఒకే గదిని చల్లబరచుకునే మధ్యతరగతి ఇళ్లు అడిగేది 50 లీటర్ల మోడల్. ఎండలు ముదిరి వాటికి గిరాకీ వచ్చిన వారాల్లోనే వీళ్లు కొనలేకపోయారు. షాపులవాళ్లు వేరే కంపెనీవి పెట్టుకున్నారు. మార్చిలో నేను ముందుగా వాడేసుకున్నది 3,500 కూలర్లనే అనుకున్నాను. ఏప్రిల్ అమ్మకాల్లో కొన్నింటిని కూడా అది మింగేసింది.

ఇది ఊహగా రాస్తే చాలదు. నిరూపించడానికి అవకాశం మా లెక్కల్లోనే ఉంది. మార్చిలో నలుగురికి అదనంగా పంపాను, ఐదుగురికి పంపలేదు. ఎండ అందరికీ ఒక్కటే, ధర ఒక్కటే, ప్రకటనలు ఒక్కటే. మే 3 వరకు ఐదుగురి ప్రణాళిక 6,600, తక్కువైనవి 200. నలుగురి ప్రణాళిక 7,400, తక్కువైనవి 2,000. ఒక గుంపు మూడు శాతం వెనకబడితే, ఇంకో గుంపు ఇరవై ఏడు శాతం వెనకబడింది. మే 4 తర్వాతి లెక్క తీస్తే ఈ తేడా మాయమైంది. రెండు గుంపులూ ప్రణాళికలో దాదాపు నాలుగో వంతు పోగొట్టుకున్నాయి, అంతా కలిపి 2,900. వాన దెబ్బ అలాగే ఉంటుంది, అందరి మీదా సమానంగా పడుతుంది. మన తప్పు వల్ల పోయింది మాత్రం తప్పు చేసిన చోటే కనబడుతుంది. ఈ పరీక్ష నాకు ముందే తట్టి ఉంటే మొదటి చిత్తుప్రతి రాసేవాడినే కాదు.

తర్వాత మేడమ్ కంప్యూటర్ ఆపేసిన ఆర్డర్ల జాబితా తీశారు. ఆ నలుగురివి, మే 3 లోపు ఆగిపోయి, చివరికి రద్దయినవి మాత్రమే లెక్కపెడితే 1,480. నలుగురి లోటు 2,000లో ఇవి పోతే 520 మిగిలాయి. వాటికి కారణం దొరకలేదు. పోటీ కంపెనీ ధర తగ్గించిందని రాజమండ్రి సేల్స్ ఆఫీసరు అన్నాడు, కానీ చూపించడానికి బిల్లు గానీ రేట్ల కాగితం గానీ లేదు. 520నీ, ఆ ఐదుగురి 200నీ కలిపి '720కి మా దగ్గర వివరణ లేదు' అని నోట్‌లో రాశాను. 1,480 పక్కన కూడా ఒక వాక్యం చేర్చాను: ఆర్డరు పెట్టినవన్నీ తప్పక అమ్ముడయ్యేవని చెప్పలేం, కాబట్టి ఇది గరిష్ఠ అంకె. ఇలాంటి వాక్యాలు నోట్‌ను బలహీనపరుస్తాయని ఒకప్పుడు నేను నమ్మేవాడిని. సమీక్షలో మిగతా అంకెలను ఎవరూ తవ్వకపోవడానికి ఈ రెండు వాక్యాలే కారణమని ఇప్పుడు అనుకుంటున్నాను.

లెక్క తేలింది. రాయడం మిగిలింది. అసలు కష్టం అక్కడే ఎదురైంది.

మన భాషలో గానీ, మేం ఆఫీసులో రాసే ఇంగ్లీషులో గానీ తప్పు చేసినవాడు కనిపించకుండా వాక్యం రాయడం చాలా తేలిక. అమ్మకాలు తగ్గాయి. స్టాకు పేరుకుపోయింది. ఆర్డర్లు ఆగిపోయాయి. అన్నీ వాటంతట అవే జరిగినట్టుంటాయి. రెండో చిత్తుప్రతిలో మార్చి గురించి నేను రాసిన వాక్యం ఇది: 'స్కీము కారణంగా మార్చి చివరి వారంలో నలుగురు డిస్ట్రిబ్యూటర్లు అవసరానికి మించి స్టాకు తీసుకున్నారు.' నోట్‌లో వాళ్ల ఊళ్ల పేర్లు ఉన్నాయి కాబట్టి పంపే ముందు వాళ్లకు చదివి వినిపించడం ధర్మమనిపించి గుంటూరుకు ఫోను చేశాను. పెద్దాయన అంతా విన్నారు. "తీసుకున్నారు అని రాయకండి సార్. మేం తీసుకోలేదు, మీరు పంపారు" అన్నారు. కోపంగా కాదు, బిల్లులో తప్పు చూపించినంత మామూలుగా.

ఒక క్రియ మార్చాలంతే. ఆ క్రియ మారిస్తే కర్త మారతాడు. ఆ వాక్యాన్ని నేను ఐదారు సార్లు తిరగరాశాను. 'పంపడం జరిగింది' అని రాసి కొట్టేశాను. 'బ్రాంచి పంపింది' అని రాసి అదీ కొట్టేశాను, ఎందుకంటే బ్రాంచిలో మిగతా ఆరుగురికి ఆ నిర్ణయంతో సంబంధం లేదు. చివరికి నిలిచిన పేరా ఇది: 'మార్చి 27–31 మధ్య నేను నలుగురు డిస్ట్రిబ్యూటర్లకు 3,500 కూలర్లు పంపాను. వాళ్ల దగ్గర అప్పటికే సీజన్‌కు సరిపడా స్టాకు ఉందని నాకు తెలుసు. గత త్రైమాసికం టార్గెట్ అందుకోవడానికి అలా చేశాను. ఆ త్రైమాసికానికి నేను ఇన్సెంటివ్ తీసుకున్నాను. ఆ నిర్ణయం వల్ల ఈ త్రైమాసికంలో 3,500 వరకు ప్రైమరీ, 1,480 వరకు సెకండరీ కోల్పోయాం.'

ఇన్సెంటివ్ వాక్యం గురించి నా భార్యతో కూడా మాట్లాడాను. అది రాస్తే వెనక్కి ఇమ్మంటారేమో అన్న భయం ఉంది. కానీ ప్రైమరీ మీద డబ్బు ఇస్తే మనిషి ప్రైమరీనే పెంచుతాడు, అది కారణంలో భాగం. దాన్ని దాచి 'సంవత్సరాంతపు ఒత్తిడి' అని రాస్తే జోనల్ ఆఫీసు మీద నింద తోసినట్టవుతుంది. వాళ్లు రోజూ రెండుసార్లు ఫోను చేసిన మాట నిజమే. స్కీముకు అనుమతి ఇచ్చింది కూడా వాళ్లే. ఆ అనుమతి సంగతి మాత్రం తేదీతో సహా ఒక వాక్యంలో రాశాను, దాని మీద వ్యాఖ్య చేయలేదు. ఎవరికి ఎంత సరుకు పంపాలో నిర్ణయించింది నేనే.

ఇంకొక కారణాన్ని రాసి తీసేశాను. మా టార్గెట్‌ను 2024 వేసవి అమ్మకాల మీద పదిహేను శాతం కలిపి వేశారు. 2024లో ఎండలు అసాధారణంగా మండాయి, దాన్ని ఆధారం చేసుకోవడం తప్పే. కానీ ఫిబ్రవరిలో ఆ టార్గెట్ కాగితం మీద నేను సంతకం పెట్టినప్పుడు ఈ అభ్యంతరం చెప్పలేదు. లోటు వచ్చాక జులైలో చెబితే అది సాకు అవుతుంది. అందుకే దాన్ని కారణాల్లోంచి తీసి దిద్దుబాట్లలో పెట్టాను: వచ్చే ఏడాది ప్రణాళికకు గత మూడేళ్ల సగటు తీసుకుందాం అని.

దిద్దుబాట్ల విషయంలో నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను. ప్రతిదీ పైన చెప్పిన ఏదో ఒక కారణానికి, దాని అంకెకు ముడిపడాలి. అలా ముడిపెట్టి చూస్తే పాత చిత్తుప్రతిలోని డీలర్ల శిక్షణ మొదటే ఎగిరిపోయింది. డీలర్లకు అమ్మడం రాక పోయిన కూలరు మా లెక్కలో ఒక్కటీ లేదు. 'మరింత దృష్టి పెడతాం' కూడా పోయింది. 'లోటు పూడ్చుకుంటాం' అన్న వాక్యం తీసేయడానికి ఎక్కువ ధైర్యం కావాల్సి వచ్చింది. జులై నుంచి డిసెంబరు దాకా కూలర్లు ఎవరు కొంటారు? దాని బదులు, '6,600 ఈ ఆర్థిక సంవత్సరంలో తిరిగి రావు, వార్షిక అంచనాను ఆ మేరకు తగ్గించాలి. గోదాముల్లో మిగిలిన అదనపు 2,000 వల్ల వచ్చే మార్చి ప్రైమరీ మరో 2,000 తగ్గుతుంది' అని రాశాను.

మూడేళ్ల సగటు కాక మిగిలినవి మూడు. వర్షానికి పోయిన 2,900కి దిద్దుబాటు లేదని ముందే చెప్పాను. వాన రాకను మేం ఆపలేం, మే, జూన్ నెలల్లో పెద్ద లారీ లోడ్ల బదులు పది రోజులకు సరిపడా చిన్న లోడ్లు పంపితే మిగిలే స్టాకు మాత్రం తగ్గుతుంది. దానికి రవాణా ఖర్చు పెరుగుతుంది, ఎంతో లెక్క వేసి జోడించాను.

రెండోది గోదాముల్లో ఉన్న పెద్ద కూలర్లు. నలుగురి దగ్గరా కలిపి 90 లీటర్లవి 2,100 తేలాయి. టెంట్ హౌసులు, ఫంక్షన్ హాళ్లు ఎక్కువగా కొనే విశాఖపట్నం, విజయవాడ, తిరుపతి డిస్ట్రిబ్యూటర్లకు వాటిని ఫిబ్రవరి లోపు తరలించాలి. మార్చిలో పంపిన ధరకే క్రెడిట్ నోట్ ఇచ్చి వెనక్కి తీసుకోవాలి, రవాణా కంపెనీయే భరించాలి. ఒక్కోదానికి 150 రూపాయల చొప్పున 3,15,000 రూపాయలు.

మూడోది అసలైనది. ఏ డిస్ట్రిబ్యూటరు దగ్గరైనా ముప్పై ఐదు రోజుల సెకండరీకి సరిపడా స్టాకు ఉంటే, ఆ మోడల్ కొత్త బిల్లును కంప్యూటర్ ఆపేయాలి. ఇంతకాలం కంప్యూటర్ అప్పును మాత్రమే చూసేది, స్టాకును చూసేది కాదు. నా చేతికి నేనే తాళం వేసుకోవడం లాంటిది ఇది. దీని ఖర్చు కూడా రాశాను: 2026 మార్చిలో మా ప్రైమరీ గత మార్చి కన్నా సుమారు 3,000 తక్కువ కనిపిస్తుంది. ఆ నెల వచ్చాక చెబితే ఎవరూ నమ్మరు, అందుకే ఇప్పుడే రాశాను. ఇది పనిచేస్తోందో లేదో తెలియడానికి ఒక తేదీ, ఒక అంకె ఇచ్చాను. ఫిబ్రవరి 28న తొమ్మిది మంది దగ్గర కలిపి స్టాకు 5,000 దాటితే ఈ దిద్దుబాటు విఫలమైనట్టు.

నోట్‌లో మొదటి వాక్యం చివరగా రాశాను: '20,000 టార్గెట్‌లో 13,400 చేశాం. 6,600 లోటు కనిపిస్తోంది, నిజమైన లోటు 8,600. అందులో 3,500 మార్చిలో నేను ముందుగా వాడేసుకున్నది.' దీన్ని పేజీ అడుగుకు నెట్టాలనే కోరిక చివరి నిమిషం దాకా ఉంది. జోనల్ హెడ్ మొదటి నాలుగు వరసలే శ్రద్ధగా చదువుతారని నాకు తెలుసు, అందుకే పైనే ఉంచాను.

సమీక్ష జులై 11న జరిగింది. అరగంట అనుకున్నది గంటన్నర సాగింది. మా జోనల్ హెడ్ మొదట అడిగింది వర్షం గురించి కాదు, "మార్చిలోనే నాతో ఎందుకు చెప్పలేదు?" అని. "చెబితే టార్గెట్ పోతుందని చెప్పలేదు సార్" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఇద్దరు వేరే బ్రాంచి మేనేజర్లను మార్చి చివరి ఐదు రోజుల బిల్లుల లెక్క తీయమన్నారు. వాళ్ల ముఖాలు చూడలేకపోయాను. నా నోట్ వాళ్లనూ ఇరుకున పెడుతుందని నాకు ముందే తోచి ఉండాల్సింది. ఇప్పుడైతే సమావేశానికి ముందే వాళ్లకు ఒక మాట చెప్పేవాడిని.

స్టాకు పరిమితిని ముప్పై ఐదు రోజుల నుంచి నలభై ఐదుకు పెంచి ఒప్పుకున్నారు. సీజన్ మొదట్లో అంత బిగింపు పనికిరాదని ఫైనాన్స్ వాళ్ల వాదన, అందులో న్యాయం ఉంది. కూలర్ల తరలింపునకు డబ్బు మంజూరు చేశారు. చిన్న లోడ్ల ప్రతిపాదనను రవాణా ఖర్చు ఎక్కువని తోసిపుచ్చారు. వార్షిక అంచనాను 6,600కు బదులు 4,000 మాత్రమే తగ్గించారు. మిగతా 2,600 ఎక్కడి నుంచి వస్తాయని అడిగాను, జవాబు రాలేదు. ఆ ప్రశ్నను సమావేశం మినిట్స్‌లో రాయించాను. ఇన్సెంటివ్ వెనక్కి అడగలేదు, కానీ వచ్చే ఏడాది నుంచి అందులో సగం సెకండరీ మీద లెక్కకడతామన్నారు.

ఆగస్టు మూడో వారంలో గుంటూరు గోదాము నుంచి మొదటి లారీ విశాఖకు బయలుదేరింది, 90 లీటర్లవి 160. నలిగిన పెట్టెలు ఇరవై మూడు తేలాయి, వాటిని పక్కన పెట్టి కొత్త అట్టపెట్టెల కోసం ఫ్యాక్టరీకి రాశాం. పెద్దాయన లారీ వెళ్లిపోయాక ఫోను చేసి, ఎడమ గోడకు ఈసారి సున్నం వేయిస్తున్నానని చెప్పారు. శనివారం నివేదికలో ప్రైమరీ పక్కన, ఒక్కో డిస్ట్రిబ్యూటరు దగ్గర ఎన్ని రోజుల స్టాకు ఉందో చూపే గడిని మేడమ్ చేర్చారు. గుంటూరు వరసలో ఈ వారం అంకె ఇంకా ఎర్రగానే ఉంది.